బైపాస్ ప్రొటీన్, బైపాస్ ఫ్యాట్: ఏ ఆవుకు పెట్టాలి, ఎప్పుడు ఆపాలి

పథకం కింద పాడి ఆవు తీసుకున్న చిత్తూరు జిల్లా లబ్ధిదారుల కోసం

పాల కేంద్రం దగ్గర, దాణా అంగడిలో ఈ మధ్య ఒక మాట బాగా వినపడుతోంది: "బైపాస్ పెట్టక్కా, రెండు లీటర్లు పెరుగుతాయి" అని. కిలో నూట యాభై రూపాయల దాకా పెట్టి బైపాస్ ఫ్యాట్ కొంటున్నవాళ్లు ఉన్నారు. కొందరికి పాలు పెరిగాయి. కొందరికి నెల తిరిగేసరికి దాణా బాకీ పెరిగింది కానీ పాలు అక్కడే ఉన్నాయి. పొడి రెండు ఇళ్లకూ ఒకటే. తేడా ఆవులో ఉంది, అది ఈని ఎన్ని రోజులైందనే దాంట్లో ఉంది, మిగతా మేపులో ఉంది.

ముందుగానే చెప్పేస్తాం. రోజుకు 12 లీటర్లకు పైన ఇచ్చే సంకరజాతి ఆవుకు, ఈనిన మొదటి మూడు నెలల్లో, పచ్చిమేత, దాణా, ఖనిజ లవణ మిశ్రమం, నీళ్లు అన్నీ సరిగ్గా అందుతున్నా ఆవు చిక్కిపోతుంటే బైపాస్ ఖర్చు గిట్టుబాటు అవుతుంది. ఎనిమిది లీటర్ల ఆవుకు పెడితే ఆ డబ్బు చాలావరకు పేడలో పోయినట్టే. ఎందుకో చూద్దాం, లెక్క కూడా వేద్దాం.

బైపాస్ అంటే దేన్ని దాటిపోవడం?

ఆవు తిన్న మేత మొదట రూమెన్ అనే పెద్ద పొట్టలో పడుతుంది. అక్కడ కోట్ల కొద్దీ సూక్ష్మజీవులు ఉంటాయి. గడ్డిని పులియబెట్టి ఆవుకు పనికొచ్చేలా చేసేది అవే. మనం పెట్టిన వేరుశనగ చెక్కను కూడా ముందు అవే తింటాయి. చెక్కలోని మాంసకృత్తుల్ని విరగ్గొట్టి అమ్మోనియాగా మార్చి, దాంతో తమ ఒంటిని పెంచుకుంటాయి. తర్వాత ఆ సూక్ష్మజీవులే కిందికి జారి నాలుగో పొట్టలో, పేగుల్లో అరిగి, ఆవుకు మాంసకృత్తులుగా అందుతాయి. అంటే మనం మేపేది ఆవును అనుకుంటాం గానీ, ముందు మేపేది ఈ సూక్ష్మజీవుల్ని.

ఎనిమిది, పది లీటర్ల ఆవుకు ఈ దారి చాలు. సూక్ష్మజీవుల నుంచి వచ్చే ప్రొటీన్, మామూలు మేతలోంచి ఎలాగూ తప్పించుకుని కిందికి పోయే కాస్త ప్రొటీన్ కలిస్తే అవసరం తీరిపోతుంది. పదిహేను, పద్దెనిమిది లీటర్ల ఆవుకు అది చాలదు. అప్పుడు మనం ఇంకో కిలో వేరుశనగ చెక్క వేస్తాం. కానీ వేరుశనగ చెక్క రూమెన్‌లో చాలా తొందరగా విరిగిపోయే రకం. సూక్ష్మజీవులు వాడుకోగలిగినదానికి మించి అమ్మోనియా తయారవుతుంది. ఎక్కువైంది రక్తంలోకి వెళ్లి, కాలేయంలో యూరియాగా మారి, మూత్రంలో పోతుంది. అంటే ఖరీదైన చెక్క కొని మూత్రంలో పారబోసినట్టు. రక్తంలో యూరియా మరీ ఎక్కువైతే ఆవు చూలు నిలవడానికి కూడా ఇబ్బంది.

బైపాస్ ప్రొటీన్ అంటే ఈ విరుగుడు నుంచి కాపాడిన చెక్క. ఫ్యాక్టరీలో కొలత ప్రకారం శుద్ధి చేసి, రూమెన్‌లో ఎక్కువ భాగం విరగకుండా, పేగుల్లో మాత్రం అరిగేలా తయారుచేస్తారు. మన దగ్గర దొరికే మేతల్లో కూడా కొన్నింటికి సహజంగానే కొంతవరకు ఈ గుణం ఉంది. పత్తి చెక్క, మొక్కజొన్న గ్లూటెన్, సుబాబుల్ ఆకు అలాంటివి. సుబాబుల్ ఆకులో మైమోసిన్ అనే పదార్థం ఉంటుంది కాబట్టి, అది మొత్తం పచ్చిమేతలో మూడో వంతు దాటకూడదు. పూర్తిగా వేరుశనగ చెక్క మీదే నడుస్తున్న ఇంట్లో, సగం చెక్కను పత్తి చెక్కగా మార్చడం బైపాస్ బస్తా కొనడం కంటే ముందు చేయాల్సిన పని. దానికి పెద్దగా అదనపు ఖర్చు కూడా ఉండదు.

ఒక జాగ్రత్త. ప్రొటీన్ అంతా బైపాస్ రకమే పెట్టేస్తే సూక్ష్మజీవులు పస్తు ఉంటాయి, గడ్డి అరగదు. రెండూ కావాలి. అందుకే దాణా మొత్తం మార్చకుండా కిలో, కిలోన్నర మాత్రమే మారుస్తాం.

నూనె పోస్తే సరిపోదా?

చాలామంది అడిగే ప్రశ్న ఇది. కొవ్వులో శక్తి ఎక్కువ, నిజమే. కానీ వంటనూనె నేరుగా పోస్తే అది రూమెన్‌లో గడ్డి పీచు చుట్టూ పొరలా పట్టేస్తుంది. పీచును అరిగించే సూక్ష్మజీవుల్ని కూడా దెబ్బతీస్తుంది. గడ్డి అరుగుదల తగ్గుతుంది, మేత తినడం తగ్గుతుంది, చివరికి పాలలో వెన్న శాతం కూడా పడిపోతుంది. వెన్న పెరగాలని పోసిన నూనె వెన్నను తగ్గిస్తుందన్న మాట.

బైపాస్ ఫ్యాట్‌లో ఎక్కువగా దొరికే రకం కాల్షియంతో కట్టిన కొవ్వు. చూడటానికి లేత గోధుమ రంగు గుళికల్లా ఉండి, కాస్త సబ్బు వాసన వస్తుంది. రూమెన్‌లో ఇది విడిపోకుండా కదలిపోతుంది. నాలుగో పొట్టలో ఆమ్లం తగలగానే కాల్షియం, కొవ్వు విడిపోయి, కొవ్వు పేగుల్లో ఒంటికి పడుతుంది. ఆమ్లం తగిలితే విడిపోతుందన్న మాట గుర్తుంచుకోండి. కుడితి దగ్గర దీని పని ఉంది.

ఈనిన తర్వాత వచ్చే లోటు

ఆవు ఈనిన ఆరు నుంచి ఎనిమిది వారాల్లో పాలు గరిష్ఠానికి చేరతాయి. కానీ ఆకలి అంత తొందరగా పెరగదు. మేత తినడం పూర్తిగా అందుకునేసరికి పది, పన్నెండు వారాలు పడుతుంది. ఈ మధ్యలో పాల రూపంలో బయటికి పోయే శక్తి ఎక్కువ, నోటితో లోపలికి వచ్చేది తక్కువ. ఆ లోటును ఆవు తన వీపు మీది, తుంటి మీది కొవ్వును కరిగించి పూడ్చుకుంటుంది. కొంత కరగడం మామూలే. తుంటి ఎముకలు పొడుచుకొచ్చి, తోక మొదలు దగ్గర గుంత పడి, వెన్నుపూసలు దూరం నుంచే లెక్కపెట్టగలిగేలా ఉంటే లోటు ఎక్కువైందని అర్థం. అలాంటి ఆవు సకాలంలో ఎదకు రాదు. మరీ లోటైతే కీటోసిస్ వస్తుంది. అప్పుడు ఆవు దాణా వదిలేసి ఎండుగడ్డి మాత్రం కొరుకుతుంది, నోటి దగ్గర తియ్యటి వాసన వస్తుంది, పాలు ఒక్కసారిగా పడిపోతాయి. కీటోసిస్‌కు పొడులు మందు కాదు, డాక్టరును పిలవాలి. సంచార పశు వైద్యశాల నంబరు 1962.

బైపాస్ అసలు పని ఈ లోటు రోజుల్లోనే. పొట్టలో చోటు లేనప్పుడు తక్కువ చోటులో ఎక్కువ శక్తి ఇవ్వడం. చోటు ఉన్న ఆవుకు దీని అవసరం లేదు.

ఒక ఆవు లెక్క

నాలుగు వందల కిలోల హెచ్‌ఎఫ్ సంకర ఆవు అనుకుందాం. రెండో ఈత. ఈని ఇరవై ఐదు రోజులైంది, రోజుకు 16 లీటర్లు ఇస్తోంది, వెన్న నాలుగు శాతానికి దగ్గరగా ఉంది. మేపు ఇలా ఉంది: సూపర్ నేపియర్ పచ్చిగడ్డి 25 కిలోలు, వేరుశనగ కట్టె మూడు కిలోలు, దాణా ఆరు కిలోలు. చాలా ఇళ్లలో ఉండే మంచి మేపే ఇది.

నీటి శాతం తీసేస్తే ఆవు కడుపులోకి పోయేది దాదాపు 13 కిలోల ఎండు పదార్థం. ఆ బరువు ఆవు ఆ రోజుల్లో అంతకంటే పెద్దగా తినలేదు. శక్తి లెక్క వేస్తే, ఈ మేపు ఆ ఆవు ఒళ్లు నిలబడటానికీ, ఇంచుమించు పద్నాలుగున్నర లీటర్ల పాలకీ సరిపోతుంది. మిగిలిన లీటరున్నర పాలు వీపు మీది కొవ్వులోంచి వస్తున్నాయి.

ఈ లీటరున్నర లోటును రెండు రకాలుగా పూడ్చవచ్చు. ఒకటి, 200 గ్రాముల బైపాస్ ఫ్యాట్. కిలో 150 రూపాయలనుకుంటే రోజుకు 30 రూపాయలు. రెండోది, అంతే శక్తి కోసం ఇంకో 650 గ్రాముల దాణా. కిలో 30 రూపాయలనుకుంటే ఇంచుమించు 20 రూపాయలు. చూశారా, అదే శక్తి దాణాలో చవక. ఈ సంగతి అంగట్లో ఎవరూ చెప్పరు. కాబట్టి మొదటి ప్రశ్న "ఆవు ఇంకా తినగలదా?" అని. గాడిలో దాణా మిగల్చకుండా తిని ఇంకా వెతుక్కుంటుంటే, దాణా ఆరు కిలోల లోపే ఉంటే, పేడ గట్టిగా ఉంటే ముందు దాణా పెంచండి. అదీ ఒకేసారి కాదు, రోజుకు పావు కిలో చొప్పున. దాణా ఇప్పటికే ఆరు, ఏడు కిలోలుంటే పెంచకూడదు. మొత్తం మేతలో దాణా సగం దాటితే రూమెన్ పులిసిపోతుంది. పేడ పలచబడి నురుగు వస్తుంది, ఆవు నెమరు తగ్గిస్తుంది, వెన్న పడిపోతుంది. మన ఆవు ఆ గీత దగ్గరే ఉంది. అందుకే దీనికి పది రూపాయలు ఎక్కువైనా బైపాస్ ఫ్యాటే సరైనది.

ప్రొటీన్ సంగతి కొంచెం వేరు. బైపాస్ ప్రొటీన్ దాణాను అదనంగా పెట్టం, మామూలు దాణాలో ఒక కిలో తీసేసి ఆ చోట పెడతాం. మామూలు దాణా 30, బైపాస్ ప్రొటీన్ దాణా 40 అనుకుంటే అదనపు ఖర్చు పది రూపాయలే. అందుకే రెండింట్లో ముందు ఏది అంటే మా మాట ప్రొటీన్ అనే.

లీటరుకు మీకు 36 రూపాయలు పడుతోందనుకోండి. ప్రొటీన్ మార్పు ఖర్చు రావాలంటే రోజుకు 300 మిల్లీలీటర్ల పాలు పెరిగితే చాలు. ఫ్యాట్ ఒక్కటే అయితే 850 మిల్లీలీటర్ల దాకా పెరగాలి. రెండూ కలిపితే 40 రూపాయలు, అంటే లీటరుకు పైన. మన ఆవు లీటరున్నర పెరిగితే 54 రూపాయలు వస్తాయి, ఖర్చు పోను 14 మిగులుతుంది. సరిగ్గా లీటరే పెరిగితే 36 వచ్చి నాలుగు రూపాయలు నష్టం. పెద్ద లాభం కాదని మీకే తెలుస్తోంది. అయితే చిక్కిపోయే ఆవు ఒళ్లు నిలబెట్టుకుని ఒక ఎద ముందుగా చూలు కడితే, ఇరవై ఒక్క రోజుల మేపు ఖర్చు ఆదా అయినట్టు. అది కూడా లెక్కలో వేసుకోవాలి. పైన వేసిన ధరలు ఉదాహరణకే. మీ అంగడి ధర, మీ కేంద్రం రేటు పెట్టి లెక్క మళ్లీ వేయండి. రాయితీ మీద దొరికితే రాయితీ పోను పడిన ధరతోనే వేయండి.

అదే లెక్కను ఎనిమిది లీటర్ల ఆవుకు వేయండి. దానికి లోటే లేదు. మామూలు మేపుతోనే అవసరం తీరుతోంది. పెట్టిన ఫ్యాట్ పాలగా మారదు, మహా అయితే ఆవు కాస్త ఒళ్లు చేస్తుంది. ఈని ఆరు నెలలు దాటి పాలు తగ్గుతున్న ఆవుకూ, వట్టిపోయిన ఆవుకూ ఇదే మాట. అలాంటి ఆవుకు నెలకు తొమ్మిది వందలు ఖర్చు పెట్టే బదులు ఆ డబ్బుతో నేపియర్ కణుపులు నాటుకోండి.

పెట్టే విధానం, కుడితి జాగ్రత్త

ఫ్యాట్ కొత్త వాసన కాబట్టి మొదటి రోజే 200 గ్రాములు వేస్తే ఆవు దాణా మొత్తం వదిలేస్తుంది. ఈనడానికి పది రోజుల ముందు 50 గ్రాములతో అలవాటు మొదలుపెట్టి, ఈనిన తర్వాత వారం పది రోజుల్లో మోతాదుకు చేర్చండి. మోతాదు అవసరాన్ని బట్టి లోటు రోజుల్లో 200 గ్రాముల దాకా పోవచ్చు. అంతకు మించి వేస్తే ఆవు మేత తగ్గిస్తుంది. ఉదయం సగం, సాయంత్రం సగం దాణాలో బాగా కలిపి పొడిగానో, కాస్త తడి చేసో పెట్టండి.

కుడితిలో వేయొద్దు. ముఖ్యంగా రాత్రి నుంచి నానబెట్టి పులిసిన కుడితిలో. పులుపు తగిలితే కాల్షియం విడిపోయి అది మామూలు నూనెలా మారిపోతుందని పైన చెప్పుకున్నాం కదా. అదే కారణంతో అన్నం, గంజి, నూకల జావ ఎక్కువగా పెట్టే ఇళ్లలో కూడా బైపాస్ ఫ్యాట్ సరిగ్గా పని చేయదు. పిండి పదార్థం పులిసి రూమెన్ మొత్తం ఆమ్లంగా మారుతుంది, కొవ్వు అక్కడే విడిపోతుంది. పెళ్లిళ్లలో మిగిలిన అన్నం బకెట్ల కొద్దీ పెట్టి, దాని మీద బైపాస్ చల్లడం డబ్బు దండగ, ఆవుకు ప్రమాదం కూడా. ముందు అన్నం ఆపండి.

కొవ్వు ఎక్కువైనప్పుడు కాల్షియం, మెగ్నీషియం ఒంటికి పట్టడం కొంత తగ్గుతుంది కాబట్టి ఖనిజ లవణ మిశ్రమం మానకూడదు. ఎండాకాలంలో ఒక సంగతి గమనించండి. ఏప్రిల్, మే వేడికి ఆవు మేత తగ్గిస్తుంది. కొవ్వు అరిగేటప్పుడు ఒంట్లో పుట్టే వేడి తక్కువ. కాబట్టి అప్పుడు ఈనిన ఎక్కువ పాల ఆవుకు దీని అవసరం కాస్త ఎక్కువ. అయితే తాగినన్ని నీళ్లు, నీడ లేకుండా పొడి ఒక్కటే పెడితే ఫలితం ఉండదు.

పని చేస్తోందని ఎలా తెలుస్తుంది?

ఈనిన మొదటి నెలన్నర పాలు వాటంతట అవే పెరుగుతాయి. ఆ పెరుగుదలను చూసి "పొడి వల్లే" అనుకోవడం సహజం, అమ్మేవాళ్లకు కూడా అదే కావాలి. నిజంగా తెలుసుకోవాలంటే ఆపి చూడాలి. పాలు గరిష్ఠానికి చేరి నిలకడగా ఉన్నప్పుడు, వారం రోజులు రెండు పూటల పాలు కొలిచి నోటుబుక్కులో రాయండి. పాల కేంద్రం స్లిప్పులు కూడా దాచండి. తర్వాత ఫ్యాట్ ఒక్కటే ఆపండి, మిగతా మేపు ఏదీ మార్చొద్దు. పది రోజుల తర్వాత మళ్లీ మూడు రోజుల సగటు తీయండి. పదహారు లీటర్ల ఆవుకు ఈ దశలో వారానికి మూడు, నాలుగు వందల మిల్లీలీటర్లు దానంతట అదే తగ్గుతుంది. పది రోజులకు అర లీటరు దాకా అనుకోండి. అంతే తగ్గితే పొడి ఆ ఆవుకు అక్కరలేదు. లీటరున్నర పడిపోతే పని చేస్తున్నట్టే, తిరిగి మొదలుపెట్టి ఈనిన తొంభై రోజుల దాకా కొనసాగించండి. తర్వాత వారంలో మెల్లగా తగ్గించి మానేయండి.

స్లిప్పులో వెన్న ఒక్కటే చూడకండి, ఎస్‌ఎన్‌ఎఫ్ కూడా చూడండి. బైపాస్ ఫ్యాట్‌తో వెన్న రెండు, మూడు పాయింట్లు పెరగవచ్చు, కానీ కొన్ని ఆవుల్లో పాల ప్రొటీన్ కొద్దిగా తగ్గి ఎస్‌ఎన్‌ఎఫ్ పడుతుంది. మీ రేటు ఎస్‌ఎన్‌ఎఫ్ గీతకు దగ్గరగా ఉంటే, వెన్నలో వచ్చింది అక్కడ పోతుంది. ఫ్యాట్‌తో పాటు బైపాస్ ప్రొటీన్ కూడా కలిపి పెట్టమనడానికి ఇది ఒక కారణం. వెన్న పెరగకపోగా తగ్గితే, పేడ పలచగా జిడ్డుగా ఉంటే, ఆ పొడి కొవ్వు సరిగ్గా కట్టుబడలేదని అనుమానించండి. కాల్షియం రకం అని అమ్మిన పొడిని ఒక చెంచా గ్లాసు వేడినీళ్లలో వేసి కలిపి పావుగంట ఆగండి. పైన నూనె తెట్టు బాగా కడితే ఆ బస్తా వెనక్కి ఇచ్చేయండి.

విడి సంచుల్లో, పేరు లేకుండా అమ్మే పొడి కొనొద్దు. బస్తా మీద కొవ్వు శాతం, కాల్షియం శాతం, తయారీ తేదీ ఉండాలి. ప్రొటీన్ దాణా అయితే మొత్తం ప్రొటీన్ ఎంత, అందులో రూమెన్‌లో విరగనిది ఎంత అన్న రెండు అంకెలూ ఉండాలి. ఒక్కటే ఉంటే అది మామూలు దాణా కావచ్చు.

చివరగా, బైపాస్ ప్రొటీన్ తయారీలో ఫార్మాలిన్ వాడతారని విని ఇంట్లోనే చెక్కకు ఫార్మాలిన్ చల్లొచ్చా అని అడిగినవాళ్లున్నారు. వద్దు. ఫ్యాక్టరీలో ప్రొటీన్ శాతాన్ని కొలిచి, నూరు గ్రాముల ప్రొటీన్‌కు గ్రాము చిల్లర మోతాదులో సమంగా కలిపి, గాలి చొరకుండా కొన్ని రోజులు మూసి ఉంచుతారు. ఇంట్లో చేస్తే ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ పడుతుంది. ఎక్కువ పడిన చెక్క పేగుల్లో కూడా అరగదు, ఆ ఆవిరి మీ కళ్లకు, ఊపిరితిత్తులకు హాని. బస్తా కొనే ముందు మీ రైతు సేవా కేంద్రంలోని పశుసంవర్ధక సహాయకుడికి మూడు సంగతులు చెప్పి అడగండి: ఆవు ఈని ఎన్ని రోజులైంది, ఎన్ని లీటర్లు ఇస్తోంది, ఇప్పుడు దాణా ఎన్ని కిలోలు పెడుతున్నారు.